చుక్కల మధ్య మేనత్త

మా మాస్టారి స్లైడ్లలో క్రియాపదం అన్నది ఉండేది కాదు. తెల్లటి తెర మీద మూడో నాలుగో నల్ల చుక్కలు, చుక్క పక్కన ఒక్కో మాట. అంతే. "అన్నీ తెర మీదే రాసేస్తే ఇక నేనెందుకమ్మా?" అనేవారు. పాఠమంతా ఆయన నోట్లో ఉండేది. ఏలూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చేపల పెంపకం చెప్పేవారాయన. నేను అదే కాలేజీలో గెస్ట్ లెక్చరర్ని. రోజూ పొద్దున్నే తాడేపల్లిగూడెంలో ప్యాసింజరు ఎక్కి, కిటికీ పక్క సీటు కోసం ఎవరో ఒకరితో తగువు పడి, తొమ్మిదిన్నరకల్లా స్టాఫ్ రూములో ఉండేదాన్ని.

పరీక్షలు ఇంకో ఐదు వారాలున్నాయనగా మాస్టారి గొంతులో చిన్న బుడిపె బయటపడింది. ఆపరేషన్ చేసి తీసేశారు. ప్రమాదమేమీ లేదన్నారు గానీ మూడు వారాలపాటు ఒక్క మాట కూడా మాట్లాడకూడదన్నారు, గుసగుసలు కూడా పనికిరావన్నారు. అప్పటికి ఆయన సిలబస్ పూర్తిచేసేశారు. కాబట్టి ఎవరూ కంగారు పడలేదు. పిల్లలు పుస్తకాలు తెరిచి చదువుకోబోయేదాకా.

తెరిచి చూస్తే పుస్తకాల్లో ఏమీ లేదు. ఏడాదంతా ఒక్కరూ ఒక్క ముక్క రాసుకోలేదు. ఎందుకు రాసుకోలేదని అరిచాను. "స్లైడ్లు గ్రూపులో పెడతారు కదా మేడం" అన్నారు అందరూ కలిసి. పెట్టారు, నిజమే. రెండు వందల పైచిలుకు పేజీల పీడీఎఫ్. అందులో ప్రతి పేజీకీ మూడో నాలుగో చుక్కలు.

ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, "మీకు రాయడం అలవాటే కదండీ, ఆ స్లైడ్లకి కాస్త మాటలు కలిపి నోట్సు చేసిపెట్టండి. వారంలో అయిపోతుంది" అన్నారు. పులిహోరలో కాస్త ఉప్పు కలిపినట్టు కాస్త మాటలు కలపాలట. నాకు ఒళ్ళు మండింది. "అలాగేనండీ" అన్నాను. గెస్ట్ లెక్చరర్లకు వేరే జవాబు ఉండదు.

మొదటి రెండు రోజులు బాగానే సాగింది. ఒక స్లైడు మీద "తెల్లవారుజాము, తలలు, ఏరేటర్" అని ఉంది. ఇది సులువే. చెరువులో నాచు పగలు ఎండకి ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రంతా అదీ చేపలూ కలిసి వాడుకుంటాయి. అందుకని తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా తగ్గిపోయి, చేపలు తలలు పైకెత్తి నోళ్ళు తెరుస్తాయి. అప్పుడు నీటిలోకి గాలి కలిపే ఏరేటర్ తిప్పాలి. పుస్తకంలో అలాగే ఉంది. ముందు స్లైడూ తర్వాతి స్లైడూ ఆక్సిజన్ గురించే. మూడు మాటలకి అర పేజీ రాసి భుజం తట్టుకున్నాను.

ఆ తర్వాత "మోచెయ్యి, అరచెయ్యి, ఎరువు" వచ్చింది. ఎరువు చల్లేటప్పుడు చేతులకి తొడుగులు వేసుకోవాలని కాబోలు అనుకుని ఒక పేరా రాశాను కూడా. అనుమానం వచ్చి పిల్లల్ని అడిగాను. "సార్ ఇలా చెయ్యి కిందకి పెట్టి ఊపేవారండీ" అన్నారు. ఎందుకు ఊపేవారో ఎవరికీ గుర్తులేదు. చివరికి పాత పుస్తకంలో దొరికింది. చెరువులో మోచేతి వరకు చెయ్యి ముంచి చూడాలి. అరచెయ్యి స్పష్టంగా కనిపిస్తే నీటిలో చేపకి మేతయ్యే పచ్చదనం తక్కువని, ఎరువు వేయాలి. మోచేతి దాకా ముంచకముందే అరచెయ్యి కనబడకుండా పోతే పచ్చదనం ఎక్కువని, ఎరువు ఆపాలి. అంటే ఆ "ఎరువు" అన్న ఒక్క మాటలోనే "వెయ్యి" ఉంది, "వద్దు" ఉంది. ఏది ఎప్పుడో చెప్పే "అయితే" మాత్రం మాస్టారి గొంతులో ఉండిపోయింది. తొడుగుల పేరా కొట్టేశాను. ఆ రోజే బుద్ధి తెచ్చుకోవాల్సింది.

బుద్ధి రాలేదు గానీ ఒక పద్ధతి వచ్చింది. స్లైడులో ఉన్న మాట నల్ల సిరాతో రాయాలి. పుస్తకంలోనో పిల్లల జ్ఞాపకంలోనో ఆధారం దొరికింది నీలి సిరాతో. ఏ ఆధారమూ లేకుండా నేను ఊహించి అతికించింది ఎర్ర సిరాతో. ఎవరైనా చదివితే ఎంతవరకు నమ్మాలో రంగు చూసి తెలుసుకుంటారు. ఈ ఏర్పాటుకి నాకు నేనే ముచ్చటపడ్డాను.

పిల్లల జ్ఞాపకాలని ఆధారం అన్నాను కదా, వాటి సంగతి చెప్పాలి. నేను ఒక్కో స్లైడూ తెర మీద వేసి, ఇది వచ్చినప్పుడు సార్ ఏమన్నారో చెప్పమనేదాన్ని. వాళ్ళకి అన్నీ గుర్తున్నాయి. ఆ రోజు ఫ్యాను తిరగలేదని గుర్తుంది. సార్ చొక్కా జేబుకి సిరా మరక అయిందని గుర్తుంది. ఎవరో తుమ్మితే సార్ "చిరంజీవ" అన్నారని గుర్తుంది. పాఠం ఒక్కటే గుర్తులేదు.

అమ్మోనియా స్లైడు దగ్గర ఇది పరాకాష్ఠకి చేరింది. ఆ స్లైడు మీద నాలుగు మాటలు: ఫీడ్, వాటర్, లైమ్, ఈవినింగ్. పేజీ పైన అమ్మోనియా అని శీర్షిక. నేను దాన్ని తెర మీద వేయగానే క్లాసంతా నవ్వింది.

"ఏమన్నారు సార్?"

"మేనత్త గురించి చెప్పారు మేడం!"

అరవై మందికీ ఆ మేనత్త నోటికి వచ్చు. ఆవిడ గుండుగొలనులో ఉండేదట. మాస్టారి చిన్నప్పుడు వాళ్ళ ఇంట్లో అమ్మానాన్నలకి మజ్జిగ పులిసిందనో, ఆవుకి కుడితి పెట్టలేదనో చిన్న మాటా మాటా వచ్చేదట. అది దానంతటదే చల్లారుతూ ఉండగా, కబురు తెలిసి ఈవిడ సర్దిచెప్పడానికి బయల్దేరి వచ్చేదట. పసుపుపచ్చ జరీచీర, చంకలో ఆవకాయ జాడీ. "నేనున్నాగా, ఎవరూ మాట్లాడకండి" అంటూ సాయంత్రం బస్సు దిగేదట. ఆవిడ దిగాక ఆ ఇల్లు యుద్ధభూమి అయ్యేదట. ఇద్దరు పిల్లలు లేచి వచ్చి ఆవిడ జాడీ ఎలా పట్టుకునేదో నటించి చూపించారు. ఒకరు ఎడమ చంక అన్నారు, ఇంకొకరు కుడి చంక అన్నారు. దాని మీద క్లాసు రెండు పార్టీలై పది నిమిషాలు కొట్టుకుంది.

"సరేనర్రా, ఇంతకీ అమ్మోనియా గురించి ఏం చెప్పారు?"

అందరూ ఖాళీ పుస్తకాలు తిప్పడం మొదలెట్టారు.

నా పుస్తకంలో "మేనత్త (రెండు చంకలు)" అని రాసుకుని, పక్కన "అప్రస్తుతం" అని రాసి కొట్టేశాను.

అయినా ఒకసారి మాస్టారినే అడుగుదామని ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన వాలుకుర్చీలో కూర్చుని ఉన్నారు, ఒళ్ళో మనవరాలి పలక. నన్ను చూసి చాలా సంతోషించి, పలక మీద మూడు చుక్కలు పెట్టారు. "రాక. ఆనందం. కాఫీ." చుక్కలు లేకుండా ఆయన రాయలేరని అప్పుడు తెలిసింది. నేను అమ్మోనియా స్లైడు తీసి, లైమ్, ఈవినింగ్ అన్న మాటల మీద వేలు పెట్టి, వీటి సంగతేమిటండీ అన్నాను. ఆయన కళ్ళు మెరిశాయి. పలక తుడిచి ఒకే ఒక్క చుక్క పెట్టి రాశారు. "మేనత్త."

వాళ్ళావిడ వెనకనుంచి చూసి, "ఈవిడకి మీ మేనత్తని చూపించమంటారా?" అని, ఆయన వద్దు వద్దని చేతులూపుతున్నా వినకుండా లోపలికెళ్ళి ఆల్బం తెచ్చారు. మేనత్త పెళ్ళి, మేనత్త కాశీయాత్ర, మేనత్త చేతిలో చంటిపిల్లాడిగా మాస్టారు. మర్యాదగా అన్నీ చూశాను. మధ్యలో ఆయన పలక మీద "చుక్క మూడు" అని రాసి నాకు చూపించబోతే, ఆవిడ "మూడో ఫోటోలో ఉన్నది మా పెద్దాడపడుచండీ" అన్నారు. ఆయన రెండు చేతులతో తల పట్టుకుని వెనక్కి వాలిపోయారు. పాపం నీరసంగా ఉన్నారనుకుని సెలవు తీసుకుని వచ్చేశాను.

రైల్లో కూర్చుని ఆ స్లైడు నేనే పూర్తిచేశాను. ఫీడ్: మేత తగ్గించాలి, ఎందుకంటే తినగా మిగిలిన మేతా, చేప విసర్జించేదీ కలిసే అమ్మోనియా అవుతుంది. ఇది పుస్తకంలో ఉంది, నీలి సిరా. వాటర్: కొంత నీరు తీసి కొత్త నీరు పెట్టాలి. ఇదీ నీలమే. ఇక లైమ్, అంటే సున్నం, ఈవినింగ్ మిగిలాయి. ఐదు స్లైడ్ల ముందు, నీటిలో పులుపు ఎక్కువైతే, అంటే పీహెచ్ పడిపోతే, సున్నం వేయాలని మాస్టారే చెప్పినట్టుంది. కాబట్టి సున్నం మంచిది. మొదటి రెండూ చేయాల్సిన పనులు, కాబట్టి మూడోదీ చేయాల్సిన పనే. ఈవినింగ్ ఒక్కటే ఒంటరిగా మిగిలింది గనక దాన్ని తెచ్చి సున్నానికి ముడిపెట్టాను. వాక్యం తయారైంది: "సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో, ఎండ తగ్గాక, చెరువులో సున్నం చల్లాలి. చల్లటి వేళ సున్నం మెల్లగా కరిగి నీటిని శుద్ధి చేస్తుంది."

నాలుగు గంటలని నాకెవరూ చెప్పలేదు. సాయంత్రం అంటే ఎప్పుడో తెలియక పిల్లలు ఇబ్బంది పడతారని నేనే పెట్టాను. మెల్లగా కరగడం అన్నది వాక్యం నిండుగా ఉండాలని పెట్టాను. అంతా నిజాయితీగా ఎర్ర సిరాతోనే రాశాను. చదువుకుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

మర్నాడు కాలేజీ ఎదురుగా ఉన్న జిరాక్సు షాపులో ఇచ్చి అరవై కాపీలు తీయించాను. జిరాక్సు మిషనుకి రంగులు తెలియవు. ఆ సంగతి ఈ ప్రపంచంలో నాకు తప్ప అందరికీ తెలుసు. మాస్టారి మాట, పుస్తకం మాట, నేను రైల్లో అల్లిన మాట, అన్నీ ఒకే నల్లటి అక్షరాలుగా అరవై ఇళ్ళకి వెళ్ళిపోయాయి. నేను మాత్రం అసలు ప్రతి బీరువాలో దాచుకుని, కాపీ ఒక్కటైనా తిప్పి చూడలేదు.

మూడు రోజులు గడిచాయి. రెండో బెంచీలో ఒక అమ్మాయి కూర్చునేది. వాళ్ళది కైకలూరు దాటాక కొల్లేటి అంచున ఒక ఊరు. తాతల నాటి వరి చేలో రెండెకరాలు తవ్వించి, వాళ్ళ నాన్న చెరువు చేశారు. ఆ ఏడాది వాళ్ళ ఆశలన్నీ ఆ కట్లా, రోహూ చేపల మీదే. నాలుగు రోజులుగా చేపలు మేత ముట్టడంలేదని, గట్టు పక్కకి చేరి మందకొడిగా తిరుగుతున్నాయని కబురొస్తే, ఆ అమ్మాయి ల్యాబ్ నుంచి అమ్మోనియా కొలిచే కిట్టు అడిగి తీసుకుని ఇంటికి వెళ్ళింది. గురువారం పొద్దున పదకొండింటికి నాకు ఫోనులో ఒక ఫోటో వచ్చింది. చెరువు గట్టు మీద పది సున్నం బస్తాలు వరసగా నిలబడి ఉన్నాయి. కింద రాసి ఉంది. "అమ్మోనియా బాగా ఎక్కువ వచ్చింది మేడం. మీ నోట్సు ప్రకారం నాలుగింటికి సున్నం వేస్తున్నాం. చాలా థాంక్స్ మేడం."

నాకు గర్వంతో గుండె నిండిపోయింది. ఆ ఫోటో స్టాఫ్ రూములో ముగ్గురికి చూపించాను. ఆ ఉత్సాహంలోనే క్లాసుకెళ్ళి, అమ్మోనియా పేజీ గట్టిగా చదివి వినిపించాను. వెనక బెంచీలో ఒకతను లేచాడు.

"మేడం, మేనత్తని తీసేశారేంటండీ?"

"అది కథ. పరీక్షలో రాదు."

"అది కాదండీ. సార్ క్లిక్కు కొడితే ఒక్కో మాట పడేది కదండీ. ఫీడు, వాటరు రెండూ ముందే వచ్చేసి ఉండేవండీ. ఆ తర్వాత మేనత్త కథ మొదలెట్టేవారు. ఆవిడ బస్సు దిగింది అనగానే క్లిక్కు కొట్టేవారండీ, లైమ్ పడేది. అప్పుడే మేమందరం నవ్వేవాళ్ళం. సాయంత్రం బస్సు అనగానే ఇంకో క్లిక్కు."

పీడీఎఫ్‌లో నాలుగు చుక్కలూ ఒకేసారి, ఒకే వరసలో ఉన్నాయి. క్లాసులో అలా రాలేదన్నమాట. మొదటి రెండూ ఒక జట్టు. తర్వాతి రెండూ వేరే జట్టు. మధ్యలో బస్సు దిగిన మేనత్త.

లైమే మేనత్త.

మిగతాదంతా నాకు తెలుసు. ఎమ్మెస్సీలో ఈ లెక్క వేసి పాసైనదాన్నే. నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒక రూపం చేపని పెద్దగా ఏమీ చేయదు. రెండోది చంపుతుంది. కిట్టు చూపించేది ఆ రెండూ కలిపి. నీటి పీహెచ్ పెరిగేకొద్దీ మొదటిది రెండోదిగా మారిపోతుంది. సున్నం చేసే పనే పీహెచ్ పెంచడం. పైగా పగలంతా ఎండలో నాచు పనిచేయడం వల్ల మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా పీహెచ్ ఎలాగూ బాగా ఎక్కువగానే ఉంటుంది. ఇంట్లో వేడి ఇంకా పూర్తిగా ఆరకముందే మేనత్త దిగేది. అంటే నేను ఆ చెరువుకి విషం రాసిచ్చి, ముహూర్తం కూడా పెట్టాను.

బయటికి పరుగెత్తి ఫోన్ చేశాను. ఆ అమ్మాయి వెంటనే ఎత్తింది. "సున్నం వెయ్యకండి!" అని వరండా అంతా వినిపించేలా అరిచాను. అటుపక్క ఫోను వాళ్ళ నాన్నగారి చేతికి వెళ్ళింది.

"ఎవరండీ మీరు?" అన్నారాయన.

"మీ అమ్మాయి వాళ్ళ మేడంనండీ. సున్నం వెయ్యకండి. చేపలు పోతాయి."

"అయ్యో, అదెలాగండీ? వెయ్యమని వాళ్ళ మేడం గారే రాశారండీ. అచ్చులో ఉందండీ."

"ఆ రాసింది నేనేనండీ!"

"ఏమోనండీ. ఫోనులో గొంతు ఎవరిదో మాకేం తెలుస్తదండీ? కాగితం అయితే చేతిలో ఉందండీ. నాలుగింటికి అని టైముతో సహా రాశారండీ ఆవిడ. ఎంత వివరంగా రాశారనుకున్నారు!"

అమ్మాయి పక్కనుంచి, అది మా మేడం గొంతే నాన్నా అంటూనే ఉంది. ఆయన, "మరి ఏ మేడం మాట నమ్మాలమ్మా? రాసినావిడదా, మాట్లాడేవిడదా?" అన్నారు. అది చాలా సబబైన ప్రశ్న. బీరువాలోంచి మూడు రంగుల అసలు ప్రతి లాక్కుని బస్టాండుకి వెళ్ళాను.

కైకలూరు బస్సు ఆ రోజు దారిలో కనబడ్డ ప్రతి మనిషి కోసం ఆగింది. ఒకాయన గంపెడు కోడిపిల్లల్ని ఎక్కించాడు. రోడ్డుకి రెండు పక్కలా చెరువులే, నేను వాటివైపు చూడలేకపోయాను. మూడు గంటల పది నిమిషాలకి కైకలూరులో ఆటో ఎక్కి, డ్రైవరుని మాటిమాటికీ తొందరపెట్టాను. "ఎవరికైనా సీరియస్సాండీ?" అన్నాడు. "చేపలకి" అన్నాను. ఆ తర్వాత అతను నాతో మాట్లాడలేదు.

గట్టు మీదకి వెళ్ళేసరికి బస్తాలు రెండు విప్పి ఉన్నాయి. ఒక పడవలో బేసినుతో ఒక మనిషి సిద్ధంగా ఉన్నాడు. మోటారు షెడ్డు తలుపుకి నా నోట్సు పాలిథిన్ కవర్లో పెట్టి మేకుకి తగిలించి ఉంది. అమ్మాయి వాళ్ళ నాన్నగారు చేతికి గడియారం పెట్టుకుని నిలబడి, నాలుగు కావడం కోసం చూస్తున్నారు. నాలుగు అని రాసింది కాబట్టి నాలుగుకు ముందు వెయ్యరాయన. ఆ రోజు ఆ చేపలు బతికింది నా అబద్ధపు నాలుగు గంటల వల్లే. ఆ మాట ఇప్పటికీ నేను పైకి చెప్పుకోను.

ఎర్ర సిరా వాక్యాన్ని చూపించాను. "చూడండి, ఇది నల్లగా లేదు. ఇది మాస్టారు చెప్పింది కాదు. నేను ఊహించి రాసింది."

ఆయన అసలు ప్రతినీ కవర్లో కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. "మా దాంట్లో అంతా ఒకటే రంగండీ" అన్నారు మెల్లగా.

"తప్పు నాదేనండీ" అన్నాను. "నన్ను క్షమించండి."

"ఊహించడం తప్పు కాదండీ మేడం గారూ. మేమూ రోజూ నీళ్ళు చూసి ఊహించేవాళ్ళమే. కాపోతే ఇది ఊహ అని చెప్పాలి కదండీ. చెబితే మేమూ మా బుర్ర వాడేవాళ్ళం." ఆయన బస్తా మూతి మడిచి పెట్టారు. "సరే. సున్నం ఎందుకు వద్దో చెప్పండి. ఎందుకో తెలియకుండా ఆపితే రేపు మళ్ళీ వేస్తాను."

పీహెచ్ అన్నాను. రెండు రూపాలన్నాను. కర్ర తీసుకుని గట్టు మట్టిలో బొమ్మ గీశాను. ఆయన మర్యాదగా తలూపుతున్నారు గానీ కళ్ళు బస్తాల మీదే ఉన్నాయి. ఇక చేసేదిలేక చెరువు గట్టు మీద నిలబడి, కోడిపిల్లల వాసన కొడుతున్న చీర కొంగు చంక కింద జాడీలా పెట్టుకుని, మేనత్తని దింపాను. చల్లారుతున్న గొడవ, సాయంత్రం బస్సు, నేనున్నాగా, అన్నీ చెప్పాను. పడవలో కూర్చున్న మనిషి పగలబడి నవ్వాడు. ఆయన నవ్వలేదు. నీళ్ళవైపు తిరిగారు.

"అంటే గొడవ ఇప్పుడు చెరువులో ఉందన్నమాట" అన్నారు. "మనం ముందు గొడవకి కారణం తీసెయ్యాలి. అంతేనా అండీ?"

"అంతేనండీ."

ఇంకేమీ అడగలేదాయన. మేత కోసం చెరువులో కర్రలకి వేలాడదీసిన తవుడు సంచులన్నీ విప్పించి గట్టు మీద పడేయించారు. కాలవ తూము ఎత్తించి, కొంత పాత నీరు బయటికి పోనిచ్చి కొత్త నీరు పెట్టించారు. ఏరేటర్లు తిప్పించారు. అప్పటికే ఓ పదిహేను కట్లాలు వెల్లకిలా తేలి ఉన్నాయి. వాటిని ఆ అమ్మాయి వలతో ఒక్కొక్కటీ తీస్తుంటే నేను తల తిప్పుకున్నాను. ఆ తర్వాత రోజూ కిట్టు పెట్టి చూసి రంగు ఫోటో తీసి పంపేది. ఐదో రోజున చేపలు మళ్ళీ మేతకి వచ్చాయి. ఆ ఫోటో చూసి రైల్లో అందరి ముందూ ఏడ్చాను. కిటికీ సీటావిడ తనంతట తనే లేచి నాకు చోటిచ్చింది.

నోట్సు అంతా మళ్ళీ రాశాను. ఈసారి రంగుల్లేవు. ప్రతి వాక్యం ముందూ ఒక మాట పెట్టాను: స్లైడు, పుస్తకం, క్లాసు, ఊహ. జిరాక్సు మిషను వాటిని చెరపలేదు. మొదట రాసిన పేజీల్లో ఊహలు ఎన్ని ఉన్నాయో చూసి నాకే భయమేసింది. మేనత్తని పూర్తిగా పెట్టాను, రెండు చంకలతో సహా, ముందు "క్లాసు" అని రాసి. ప్రిన్సిపాల్ గారు చూసి, ఈ ఆవకాయ జాడీ అవసరమాండీ అన్నారు. అవసరమే అన్నాను. గెస్ట్ లెక్చరర్‌గా ఆయనతో నేను ఒప్పుకోకపోవడం అదే మొదటిసారి.

నాలుగో వారంలో మాస్టారు రివిజన్ క్లాసుకి వచ్చారు. డాక్టరు మాటలకి రేషను పెట్టాడు, గంటకి పది నిమిషాలే మాట్లాడాలి. ఆయన గొంతు వినాలని నేనూ వెనక బెంచీలో పుస్తకం, పెన్నూ పట్టుకుని కూర్చున్నాను. ఒక్క మాట కూడా పోనివ్వకూడదనుకున్నాను. అమ్మోనియా స్లైడు వచ్చింది. క్లాసు మేనత్త కోసం ముందే నవ్వడానికి సిద్ధమైంది.

"ఫీడ్. వాటర్" అన్నారాయన సన్నగా. క్లిక్కు. "లైమ్." క్లిక్కు. "ఈవినింగ్." తర్వాతి స్లైడు వేసేశారు.

ఎవరూ నవ్వలేదు. మాటలు ఆదా చేయబోయి ఆయన తన పీడీఎఫ్ లాగే అయిపోయారు. రెండో బెంచీ అమ్మాయి లేచి నిలబడింది.

"సార్, వెనక్కి వెయ్యండి సార్."

ఆయన వెనక్కి వేశారు. ఆ అమ్మాయి మా వైపు తిరిగింది. చెరువులో తేలిన పదిహేను కట్లాలతో మొదలుపెట్టింది. నీళ్ళలో ఏముందో, కిట్టు ఏ రంగు చూపించిందో, గట్టు మీద పది బస్తాలు నాలుగు గంటల కోసం ఎలా ఎదురుచూశాయో చెప్పింది. సున్నం ఎందుకు వేయకూడదో, అందులోనూ సాయంత్రం ఎందుకు వేయకూడదో, ఒక్క ముక్క వదలకుండా చెప్పింది. మేనత్త వచ్చింది. కాకపోతే ఈ మేనత్త ఏలూరు నుంచి వచ్చింది, ఒంటికి కోడిపిల్లల వాసన, చేతిలో మూడు రంగుల కాగితాలు. క్లాసు నావైపు తిరిగి నవ్వింది. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చుట్టూ చూస్తే అరవై మందీ పుస్తకాల్లో రాసుకుంటున్నారు.

ఆ అమ్మాయి కూర్చున్నాక మాస్టారు కంప్యూటరు దగ్గరికి వెళ్ళి, ఒక్కో వేలితో చాలాసేపు టైపు చేశారు. మేమందరం తెర మీద చూస్తున్నాం. లైమ్ పక్కన "వద్దు" వచ్చింది. ఈవినింగ్ పక్కన "అసలు వద్దు" వచ్చింది. ఇన్నేళ్ళలో ఆయన స్లైడు మీద మూడు మాటలు ఎక్కువ పడటం అదే మొదలు. సరిపోతుందా అన్నట్టు నావైపు చూశారు.

"ఎందుకో రాయలేదండీ" అన్నాను.

ఆయన తన గొంతు మీద చెయ్యి వేసుకుని, రెండో బెంచీ వైపు చూపించారు.